సెలవు రోజుల్లో మన తరఫున మాట్లాడే మెయిల్

ప్రశ్న: మా కుటుంబం విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఏటికొప్పాక లక్క బొమ్మల దుకాణం నడుపుతోంది. ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతాం. దుకాణం జీమెయిల్ చూసేది నేనొక్కదాన్నే. రోజూ అందరికీ వెళ్లే ఆటోరిప్లై ఇది: "మీ మెయిల్ అందినది. మా ప్రతినిధి త్వరలో మిమ్మల్ని సంప్రదించగలరు. ఇది కంప్యూటర్ ద్వారా పంపబడిన సందేశము, దీనికి జవాబు ఇవ్వవద్దు." సంక్రాంతికి దాన్నే చెరిపి ఇలా మారుస్తాను: "గౌరవనీయులైన కస్టమర్లకు సంక్రాంతి శుభాకాంక్షలు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక కళను ఆదరిస్తున్నందుకు ధన్యవాదములు. పండుగ సందర్భముగా సంస్థకు సెలవు. తిరిగి వచ్చిన పిమ్మట సంప్రదించెదము. కొత్త కలెక్షన్‌పై 10 శాతం తగ్గింపు కలదు." పోయిన పండుగకు బొమ్మ విరిగి వచ్చిన ఒకావిడ ఇది చూసి చాలా నొచ్చుకున్నారు. ఈసారి జనవరి 14 నుంచి 16 వరకు మూస్తాం, 17 శనివారం తెరుస్తాం. ఈ సందేశాలను ఎలా దిద్దాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:

మాటలను దిద్దడం తర్వాత చేద్దాం. ముందుగా ఆ మూడు రోజుల్లో మీకు ఎవరు, ఎందుకు మెయిల్ రాస్తారో తేల్చుకోండి. దాన్ని ఊహించనక్కరలేదు, మీ జీమెయిల్‌లోనే ఉంది. వెతికే చోట ఇలా టైపు చేస్తే పోయిన పండుగ నాళ్లలో వచ్చిన మెయిళ్లు మాత్రమే కనిపిస్తాయి:

```
in:inbox after:2025/01/13 before:2025/01/18
```

`after:` పక్కన రాసిన తేదీ లెక్కలోకి వస్తుంది, `before:` పక్కన రాసిన తేదీ రాదు. అందువల్ల 13 నుంచి 17 వరకు వచ్చినవి చూపిస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా చదువుతూ, రాసినవారు ఏమి అడిగారో పక్కన ఒక ముక్కలో రాసుకోండి. మీ వ్యాపారంలో అవి చాలా వరకు మూడు రకాలుగా విడిపోతాయని అనుకుంటున్నాను: పార్శిల్ ఎక్కడిదాకా వచ్చిందని అడిగేవారు, బొమ్మ విరిగి వచ్చిందని చెప్పేవారు, పెళ్లికో గృహప్రవేశానికో రిటర్న్ గిఫ్టులుగా ఎక్కువ సంఖ్యలో కావాలనేవారు. మీ మెయిళ్లు నాలుగో రకాన్ని చూపిస్తే నా మాట పక్కన పెట్టి వాటినే నమ్మండి. ఇక ఒక్కో రకానికీ ఒకే ప్రశ్న వేసుకోవాలి: దుకాణంలో ఎవరూ లేకపోయినా ఈ మనిషి ఇప్పుడు చేసుకోగలిగిన పని ఏది? ఆ మూడు ప్రశ్నలకు దొరికే జవాబులే మీ సెలవు సందేశానికి ప్రాణం. మిగిలినదంతా తేదీలు, నమస్కారం, సంతకం.

ఆ ప్రశ్నతో చూస్తే మీ పాత సందేశంలోని లోపం కనిపిస్తుంది. అందులో చదివేవారు చేయదగిన పని ఒక్కటీ లేదు. ఎప్పుడు తెరుస్తారో లేదు, ఎప్పటికి జవాబు వస్తుందో లేదు. ఉన్నవి మీ కళకు వచ్చిన గుర్తింపు, మీ తగ్గింపు. ఆటోరిప్లైకి తాను ఎవరికి జవాబు ఇస్తున్నదో తెలియదు. ఆర్డరు ఇవ్వబోయే వ్యక్తికి, మనవరాలి పుట్టినరోజుకు తెప్పించిన బొమ్మ రెండు ముక్కలై చేతికి వచ్చిన వ్యక్తికి అదే పాఠం వెళుతుంది. అందుచేత ఎవరి పరిస్థితిలోనైనా చదవదగిన మాటలు మాత్రమే అందులో ఉండాలి. తగ్గింపు వాక్యాన్ని పూర్తిగా తీసివేయండి. ఫిర్యాదు చేసినవారికి అది అవమానంగానే తోస్తుంది. భౌగోళిక గుర్తింపు సంగతి మీ వెబ్‌సైటులో బొమ్మల పేజీ మీద ఉండవలసిన మాట. ఇప్పటికే మీకు మెయిల్ రాసినవారికి దానితో ఆ క్షణాన పని లేదు. ఇదే కారణంగా "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని కూడా రాయవద్దు. ఏ అసౌకర్యమూ లేకుండా ధర అడిగినవారికి అది అర్థం కాదు, నిజంగా నష్టపోయినవారికి చాలదు.

ఇక మీ దుకాణం గొంతు సంగతి. బొమ్మలను గురించి ఉత్తరంలో మీరు "లక్క బొమ్మలు" అన్నారు, సందేశంలో మాత్రం "కలెక్షన్" అన్నారు. దుకాణాన్ని "మా కుటుంబం నడుపుతోంది" అన్నారు, సందేశంలో అది "సంస్థ" అయింది, మీరొక్కరే చూసే మెయిల్‌కు "మా ప్రతినిధి" వచ్చి చేరారు. కొన్నవారికి మీ దుకాణం ఒక కుటుంబంగా పరిచయమై ఉంటుంది. సెలవు నాడు మాత్రం బ్యాంకు నోటీసు లాంటి మెయిల్ వస్తే అది మీరు రాసినట్టు అనిపించదు. గొంతు కుదరాలంటే అలంకారాలు చేర్చనక్కరలేదు, బల్ల మీద బొమ్మ పెట్టి కొనేవారితో మాట్లాడేటప్పుడు మీరు వాడే మాటలే వాడాలి: బొమ్మ, పెట్టె, పార్శిల్, రాస్తాం, తెరుస్తాం. "అందినది", "పిమ్మట", "కలదు", "పంపబడిన" అనేవి మీ నోట రోజూ రానివి కనుక ఇక్కడా రానక్కరలేదు. మీ వెబ్‌సైటులో బొమ్మల కింద రాసిన నాలుగు వివరణలు తెరిచి, సందేశాన్ని పక్కన పెట్టుకొని చదవండి. రెండూ ఒకే చేత్తో రాసినట్టు ఉన్నాయో లేదో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అయినా మీ దుకాణానికే చెందిన వాక్యం ఒక్కటైనా ఉండాలని మీకు అనిపిస్తే, నేను కాదనను, అయితే ఆ వాక్యం ఒక సమాచారాన్ని కూడా మోయాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను చెక్కి లక్క పూసే కుటుంబాలు కూడా సంక్రాంతికి పని ఆపుతాయనుకుందాం. ఆ సంగతి చెబితే ఒకే వాక్యంలో రెండు పనులు జరుగుతాయి: బొమ్మ ఎవరి చేతుల మీదుగా వస్తున్నదో గుర్తు చేస్తుంది, కొత్త ఆర్డరు పండుగ తర్వాతే మొదలవుతుందని కూడా చెబుతుంది. ఆ కుటుంబాలను అడిగి, నిజమైతేనే రాయండి.

పైన చెప్పినవన్నీ కలిపి మీ సందేశాన్ని ఇలా తిరగరాశాను. కుండలీకరణాల్లో ఉన్నవి మీరు నింపుకోవాలి.

విషయం: 17న తెరుస్తాం, ఈలోగా ఉపయోగపడే వివరాలు

నమస్కారం.

సంక్రాంతికి జనవరి 14 నుంచి 16 వరకు మా దుకాణానికి సెలవు. ఏటికొప్పాకలో మన బొమ్మలు చేసే కుటుంబాలు కూడా ఈ మూడు రోజులు పని ఆపుతాయి. 17 శనివారం ఉదయం 10 గంటలకు తెరుస్తాం. మీ మెయిల్‌కు 19 సోమవారం సాయంత్రంలోగా జవాబు రాస్తాం.

పార్శిల్ ఎక్కడుందో తెలియాలంటే: పార్శిల్ పంపిన రోజు మీకు వచ్చిన మెయిల్‌లో ట్రాకింగ్ నంబరు ఉంటుంది. దాన్ని ఈ పేజీలో నమోదు చేయండి: (కొరియర్ పేజీ లింకు). సెలవుల్లో కూడా ఇది పనిచేస్తుంది.

బొమ్మ విరిగి వచ్చి ఉంటే: పెట్టెను, లోపలి ప్యాకింగును పారవేయకండి. చిరునామా చీటీ కనిపించేలా పెట్టె ఫోటో ఒకటి, విరిగిన బొమ్మ ఫోటో ఒకటి, ఆర్డరు నంబరుతో కలిపి ఇదే మెయిల్‌కు జవాబుగా పంపండి. అవి అందినట్టు వేరే సందేశం రాదు, 17న మొదట చూసేది ఈ మెయిళ్లనే.

శుభకార్యానికి ఎక్కువ బొమ్మలు కావాలంటే: ఏ తేదీకి కావాలి, ఏ ఊరికి పంపాలి, ఎన్ని కావాలి, ఒక్కోటి ఎంత ధరలో ఉండాలి అన్నది ఇదే మెయిల్‌కు జవాబుగా రాయండి. వాటిని బట్టి మా మొదటి జవాబులోనే ధర, అందే తేదీ చెబుతాం.

(మీ పేరు)
(దుకాణం పేరు), ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

ఇందులో కొన్ని మాటలు ఎందుకు అలా ఉన్నాయో చెప్పాలి, ఎందుకంటే మీరు వచ్చే ఏడాది మార్చుకునేటప్పుడు వాటినే పొరపాటున తీసివేసే అవకాశం ఉంది. తెరిచే రోజు, జవాబు వచ్చే రోజు వేర్వేరుగా ఇచ్చాను. 17న తెరుస్తామని మాత్రమే రాస్తే, మెయిల్ పంపినవారు ఆ ఉదయం 10 గంటల నుంచే ఎదురుచూస్తారు. మీకేమో మూడు రోజుల మెయిళ్లు పేరుకుని ఉంటాయి, శనివారం దుకాణానికి వచ్చే మనుషులూ ఉంటారు. నిలబెట్టుకోగలిగిన రోజునే రాయడం మంచిది. తేదీ పక్కన వారం పేరు కూడా ఉంటే చదివేవారు క్యాలెండరు వెతకనక్కరలేదు. ప్రతి ఏడాది సందేశం మార్చేటప్పుడు మాత్రం తేదీతో పాటు వారాన్ని కూడా సరిచూడండి. తేదీ కొత్తది, వారం పాతది అయితే రెండింటిలో ఏది నమ్మాలో ఎవరికీ తెలియదు.

మూడు పేరాలూ చదివేవారి పరిస్థితితో మొదలవుతున్నాయి కదా. ఫోనులో చూసేవారు పై నుంచి కిందికి చూపు జార్చి తమది ఏదో పట్టుకొని, మిగిలినవి చదవకుండా వదిలేయగలగాలి. మూడుకు మించితే ఆ సౌకర్యం పోతుంది. నాలుగో రకం మెయిళ్లు నిజంగా ఎక్కువగా ఉంటే, దాన్ని చేర్చి మూడింటిలో తక్కువగా వచ్చేదాన్ని తీసివేయండి.

విరిగిన బొమ్మ పేరాలో పెట్టెను పారవేయవద్దన్న మాటే అన్నిటికన్నా ముఖ్యం. నష్టపరిహారం అడిగేటప్పుడు కొరియర్ వాళ్లు ప్యాకింగు ఫోటోలు అడుగుతారు, ఫిర్యాదుకు గడువు కూడా పెడతారు. మీరు 17న జవాబు రాసేసరికి పండుగ చెత్తతో పాటు ఆ అట్టపెట్టె కూడా వెళ్లిపోయి ఉంటే ఇక చూపించడానికి ఏమీ మిగలదు. కనుక ఈ ఒక్క మాట 14వ తేదీనే వారికి చేరాలి. మీ కొరియర్ ఒప్పందంలో గడువు ఎన్ని రోజులో, ఏయే ఫోటోలు అడుగుతారో చూసి, అవసరమైతే నేను రాసిన రెండు ఫోటోల జాబితాను మార్చండి.

పాత సందేశంలో ఉన్న "దీనికి జవాబు ఇవ్వవద్దు" అనే వాక్యం ఇక్కడ తలకిందులైంది. జీమెయిల్ పంపే సెలవు సందేశం మీ సొంత చిరునామా నుంచే వెళుతుంది కనుక, దానికి ఇచ్చిన జవాబు మీ ఇన్‌బాక్సుకే వస్తుంది. జవాబు ఇవ్వవద్దని మీరు మూసిన దారి నిజానికి తెరిచే ఉంది. అయితే ఆ జవాబుకు మళ్లీ ఆటోరిప్లై వెళ్లదు. జీమెయిల్ ఒకే వ్యక్తికి ఈ సందేశాన్ని నాలుగు రోజుల్లో ఒక్కసారి మాత్రమే పంపుతుంది, కనుక ఫోటోలు పంపినవారికి రెండోసారి ఏమీ రాదు. ఆ మౌనాన్ని చూసి అవి అందలేదేమోనని మళ్లీ మళ్లీ పంపకుండా ఉండడానికే "అందినట్టు వేరే సందేశం రాదు" అని రాశాను.

ఫోను నంబరు నేను కావాలనే ఇవ్వలేదు. ఈ సందేశం మీకు మెయిల్ పంపిన ముక్కూ మొహం తెలియనివారికి కూడా చేరుతుంది. సొంత నంబరు, ఊరెళుతున్న సంగతి, ఇల్లు తాళం వేసి ఉందన్న సూచన అందులో ఉండకూడదు. సెలవులో ఎత్తని నంబరు ఇచ్చినా ప్రయోజనం లేదు. బంధువులో స్నేహితులో ఎవరైనా ఆ మూడు రోజులు ఫోను ఎత్తడానికి ఒప్పుకుంటే దుకాణం నంబరు ఇవ్వవచ్చు, అయితే వారికి ఆర్డర్ల వివరాలు చూసే వీలు కూడా ఉండాలి. "మెయిల్ పంపండి" అని చెప్పడానికే ఒక మనిషిని కూర్చోబెట్టడం ఇద్దరికీ విసుగు.

ఇక జీమెయిల్‌లో దీన్ని పెట్టే తీరు. కంప్యూటరులో Settings తెరిచి, See all settings నొక్కి, General పేజీ చివరకు వెళితే Vacation responder కనిపిస్తుంది. First day దగ్గర 14, Last day దగ్గర గడిలో టిక్కు పెట్టి 16 ఇవ్వండి. మొదటి రోజు అర్ధరాత్రి 12 గంటలకు మొదలై, చివరి రోజు రాత్రి 11:59కి అదే ఆగిపోతుంది. Last day ఖాళీగా వదిలితే మీరు చేత్తో ఆపేవరకు అది వెళుతూనే ఉంటుంది. ఫిబ్రవరిలో రాసినవారికి సంక్రాంతి సెలవు అని జవాబు వెళ్లడానికి సాధారణంగా ఇదే కారణం. కింద ఉన్న Only send a response to people in my Contacts అనే గడిని ఖాళీగానే ఉంచండి, లేకపోతే మొదటిసారి రాసే కొత్తవారికి మీ సందేశం చేరదు. చివరగా Save Changes నొక్కడం మరవవద్దు.

సెలవు మధ్యలో సందేశాన్ని దిద్దితే ఆ నాలుగు రోజుల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది, అంటే ఇప్పటికే ఒకసారి అందుకున్నవారు మళ్లీ రాస్తే వారికి కొత్త పాఠం వెళుతుంది. తేదీ తప్పుపడితే దిద్దడానికి ఇది మేలు చేస్తుంది, అక్షరదోషం కోసం మాత్రం మధ్యలో తాకవద్దు. స్పామ్‌లోకి వెళ్లిన మెయిళ్లకు ఈ సందేశం వెళ్లదు. అందువల్ల 17న స్పామ్ ఫోల్డరు కూడా ఒకసారి తెరిచి చూడాలి, ఎందుకంటే అందులో పడిన నిజమైన ఆర్డరుకు ఆ మూడు రోజులూ ఏ జవాబూ అంది ఉండదు.

ముందు రోజే పరీక్షించాలంటే First day గా 13 ఇచ్చి, సాయంత్రం దుకాణం మూసే ముందు ఇంట్లో మరొకరి చిరునామా నుంచి ఒక మెయిల్ పంపించండి. వచ్చిన సందేశాన్ని వారి ఫోనులో చూడండి. నోటిఫికేషన్‌లో కనిపించే మొదటి ముక్కలోనే తెరిచే తేదీ తెలుస్తున్నదా, కొరియర్ లింకు మీ ఖాతాలో లేని ఫోనులో కూడా తెరుచుకుంటున్నదా, అన్నవి రెండూ తేలాలి. నిజమైన ట్రాకింగ్ నంబరు ఒకటి వేసి చివరిదాకా చూడండి. లింకు మొదటి పేజీకే తీసుకెళ్లి, అక్కడ నంబరు ఎక్కడ వేయాలో వెతుక్కోవలసి వస్తే, సరైన పేజీ చిరునామా తీసుకొని మార్చండి.

రోజువారీ ఆటోరిప్లై విషయంలో నా అభిప్రాయం వేరు: దాన్ని ఆపేయండి. Vacation responder ను ఏడాది పొడవునా వాడితే, మీతో వారం రోజులుగా పెళ్లి బొమ్మల రంగులు మాట్లాడుతున్న మనిషికి నాలుగు రోజులు గడవగానే "మీ మెయిల్ అందినది, త్వరలో సంప్రదించగలరు" అని మధ్యలో వెళుతుంది. ఎదురుగా కూర్చొని మాట్లాడుతున్నవారిని కొత్తగా పలకరించినట్టు ఉంటుంది అది. ఒక పనిదినంలో జవాబు ఇవ్వగలిగితే ఆ సందేశంతో అవసరమే లేదు. పైన రాసిన మూడు పేరాలను మీ వెబ్‌సైటులో మెయిల్ చిరునామా ఉన్న పేజీలోనే పెడితే, కొందరు మెయిల్ రాయకుండానే పని పూర్తి చేసుకుంటారు. ఒక పనిదినం కుదరని కాలం, అంటే దసరా, దీపావళి ముందు వారాలు వస్తే, ఆ వారాలకు మాత్రం First day, Last day ఇచ్చి ఇలా పెట్టండి: "నమస్కారం. పండుగ ఆర్డర్ల వల్ల ఈ వారం జవాబుకు రెండు పనిదినాలు పడుతోంది. పార్శిల్ వివరాలు ఈ పేజీలో వెంటనే చూడవచ్చు: (లింకు). బొమ్మ విరిగి వచ్చి ఉంటే పెట్టెను పారవేయకుండా, ఫోటోలను ఇదే మెయిల్‌కు జవాబుగా పంపండి."

మీరు అడగకపోయినా, విశాఖలో ఉన్నారు కనుక మరొక సందేశం కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి సరిగా లేవు. అలాంటప్పుడు సందేశం రాయడానికి మీ దగ్గర నెట్ ఉండదు, తెరిచే తేదీ కూడా తెలియదు. తెలియని తేదీని ఊహించి రాయడం కన్నా, తర్వాతి కబురు ఎప్పుడు చెప్పగలరో రాయడం నిజాయతీ: "తుపాను వల్ల విశాఖపట్నంలోని మా దుకాణం మూసి ఉంది. బయలుదేరని పార్శిళ్లు మా దగ్గరే ఉన్నాయి. ఎప్పుడు పంపుతామో (తేదీ) సాయంత్రంలోగా మా వెబ్‌సైటు మొదటి పేజీలో రాస్తాం. ఆర్డరు రద్దు చేసుకోవాలంటే ఆర్డరు నంబరుతో ఇదే మెయిల్‌కు జవాబు రాయండి." రద్దు సంగతి తప్పక ఉండాలి, ఎందుకంటే తేదీ చెప్పలేనప్పుడు వారికి మీరు ఇవ్వగలిగినది ఆ నిర్ణయమే. పార్శిళ్లు తడిసిపోయి ఉంటే రెండో వాక్యాన్ని తీసివేయాలి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండే మీ కుటుంబ సభ్యులలో ఒకరికి దుకాణం ఖాతా తెరిచే వీలు ఇప్పుడే ఇచ్చి, ఈ పాఠాన్ని వారి దగ్గర ఉంచండి. కొత్త పరికరంలో ఖాతా తెరిచేటప్పుడు గూగుల్ మీ ఫోనుకు కోడ్ పంపవచ్చు. మీ ఫోనుకు సిగ్నల్ లేని రోజున ఆ కోడ్ అందదు. అందువల్ల వారి పరికరంలో ఖాతాను ముందే ఒకసారి తెరిపించి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని ఉంటే, ఫోను అందుబాటులో లేనప్పుడు వాడుకోవడానికి గూగుల్ ముందే ఇచ్చే Backup codes కూడా వారికి ఇచ్చి ఉంచండి.

17 ఉదయం తెరిచిన వెంటనే జీమెయిల్ పై భాగంలో సెలవు సందేశం ఇంకా నడుస్తున్నదని చెప్పే పట్టీ ఉందేమో చూడండి. ఉంటే అందులోని End now నొక్కండి. ఆ తర్వాత ఫోటోలు ఉన్న మెయిళ్లను ముందుగా పట్టుకోవడానికి `has:attachment after:2026/01/14` అని వెతికి, విరిగిన బొమ్మల వారికి జవాబులు రాయడం మొదలుపెట్టండి.